చదువుకు పోతున్న టెస్టర్ రాజీనామా లేఖ ఎట్లా రాయాలి

మే నెల రాంగనే నాకు ఒకే రకం ఫోన్లు మొదలైతయి. "అన్నా, ఎంఎస్ సీటొచ్చింది. రిజిగ్నేషన్ లెటర్ ఎట్ల రాయాలె? నీ దగ్గర ఫార్మాట్ ఏమన్నా ఉందా?" మిర్యాలగూడ నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఇంకొకరు. చేసేవాళ్ళంతా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్లుగా రెండు మూడేళ్ళు పనిచేసిన పిల్లలే. నేను కూడా టెస్టింగ్‌లోనే ఉన్నాను. వారంలో మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసు, మిగతా రోజులు నల్లగొండలో ఇంటి నుంచి. ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అదే ప్రశ్న వస్తున్నది కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నాను.

ఫార్మాట్ ఎక్కడైనా దొరుకుతుంది. దొరకనిది అందులో రాయాల్సిన అప్పగింత పేరా. "హ్యాండోవర్‌కు పూర్తిగా సహకరిస్తాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. టెస్టర్ విషయంలో ఆ వాక్యం దేనికీ పనికిరాదు. కౌలు వదిలిపెట్టి పోయే రైతును చూడండి. "పొలం అప్పజెప్పిన" అంటే సరిపోదు. ఏ స్టార్టర్ ఎప్పుడు ట్రిప్ అయితదో, ఏ మడికి నీళ్ళు ఆలస్యంగా ఎక్కుతయో వచ్చేవానికి చెప్పి పోతాడు. టెస్టర్ బుర్రలో ఉండే సరుకు కూడా అట్లాంటిదే. చాలా భాగం ఏ ఫైల్‌లోనూ ఉండదు.

కిందటిసారి మా మేనకోడలు రాజీనామా దగ్గరుండి రాయించాను. అదే ఉదాహరణగా తీసుకుంటాను. బీమా ప్రీమియం కట్టే యాప్‌కు టెస్టర్, రెండేళ్ళ ఎనిమిది నెలల అనుభవం, 60 రోజుల నోటీసు, అమెరికాలో ఆగస్టు 24న కోర్సు మొదలు.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

నియామక పత్రం తీసి నోటీసు గురించి రాసిన పేరా చదవండి. తోటివాళ్ళు చెప్పింది నమ్మవద్దు. ఒకే టీమ్‌లో ఇద్దరికి వేర్వేరు నోటీసు ఉండొచ్చు. కాలేజీ ఇచ్చిన కోర్సు ప్రారంభ తేదీ కాగితం మీద ఉండాలి. మిగిలిన సెలవులెన్నో పోర్టల్‌లో చూసుకోండి. సొంత మెయిల్ ఐడీ ఒకటి పని చేస్తూ ఉండాలి, ఆఫీసు మెయిల్ చివరి రోజు సాయంత్రానికి మూతపడుతుంది. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గర పెట్టి ఉంటే, వాటిని ఎప్పుడు తిరిగి ఇస్తారో ఇప్పుడే అడిగి మెయిల్‌లో జవాబు తెప్పించుకోండి.

1. తేదీని వెనక నుంచి లెక్కపెట్టండి

చాలామంది ఈరోజు నుంచి ముందుకు లెక్కేస్తారు. కోర్సు తేదీ నుంచి వెనక్కి రండి. మేనకోడలికి యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రంలో ప్రారంభ తేదీ ఆగస్టు 24. ఎఫ్-1 వీసా మీద ఆ తేదీకి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో అడుగుపెట్టనీయరు, అంటే జూలై 25 కన్నా ముందు పోయే పని లేదు. సామాను, బ్యాంకు పనులు, ఊళ్ళో చుట్టాలను చూసి రావడం, వీటికి రెండు వారాలు పట్టుకున్నాం. కాబట్టి చివరి పనిదినం జూలై 31, శుక్రవారం.

ఇక 60 రోజులు వెనక్కి. జూన్ 1 సోమవారం మెయిల్ ఇస్తే, మరుసటి రోజు జూన్ 2 మొదటి రోజు అవుతుంది. జూన్‌లో 29 రోజులు, జూలైలో 31, మొత్తం 60. సరిగ్గా జూలై 31కి తేలింది. కొన్ని కంపెనీలు మెయిల్ ఇచ్చిన రోజును కూడా లెక్కలో వేస్తాయి, అప్పుడు జూలై 30 అవుతుంది. ఒక్క రోజు తేడానే కదా అనుకోవద్దు. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి పంపిన రాజీనామాను పోర్టల్‌లో సోమవారం తేదీతో ఎక్కించిన సందర్భం నాకు తెలుసు. ఆ అబ్బాయికి మూడు రోజులు జరిగాయి, టికెట్ మార్చుకోవాల్సి వచ్చింది. అందుకని పనిదినం నాడు, పొద్దున పూటే ఇవ్వండి.

వీసా రాకముందే రాజీనామా ఇవ్వాలా అని అడుగుతారు. నోటీసు 30 రోజులైతే వీసా చేతికొచ్చేదాకా ఆగండి. 60, 90 రోజులైతే అట్లా ఆగడానికి కాలం సరిపోకపోవచ్చు. అప్పుడు మేనేజర్‌కు పరిస్థితి నోటితో చెప్పి, వీసా రాకపోతే రాజీనామా వెనక్కి తీసుకోనిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే మెయిల్‌లో ఆ మాట రాయించుకోండి. రాయించుకోకపోతే, ఒకసారి ఇచ్చిన రాజీనామాను వెనక్కి ఇవ్వడం చాలా చోట్ల కంపెనీ ఇష్టం మీదే ఆధారపడుతుంది.

నోటీసుకు రోజులు తక్కువ పడితే మూడు దారులున్నాయి: మిగిలిన సెలవులు సర్దుబాటు చేయమనడం, మేనేజర్ ముందుగా విడుదల చేయడం, తక్కువపడ్డ రోజులకు డబ్బు కట్టడం. డబ్బు కట్టేటప్పుడు ఏ జీతం మీద లెక్కో చూడండి. నెలకు మొత్తం జీతం 45,000, అందులో బేసిక్ 18,000 అనుకుందాం. 15 రోజులు తక్కువైతే మొత్తం జీతం మీద 22,500 కట్టాలి, బేసిక్ మీదైతే 9,000. ఏది వర్తిస్తుందో నియామక పత్రంలోనే రాసి ఉంటుంది.

2. లేఖకు ముందు నోటితో చెప్పండి

మేనేజర్ మీ రాజీనామాను మొదటిసారి మెయిల్‌లో చూడకూడదు. ఆయనే మీకు సిఫారసు లేఖ ఇచ్చి ఉంటే విషయం సగం తెలిసే ఉంటుంది, తేదీ చెప్తే చాలు. తెలియకపోతే పది నిమిషాలు అడిగి, ముఖాముఖి గానీ వీడియో కాల్‌లో గానీ చెప్పండి. రిలీజ్ రోజున మాత్రం వద్దు. ఆ రోజు టెస్టర్ పోతున్నాడన్న మాట ఎవరికీ వినబుద్ధి కాదు.

చెప్పేటప్పుడు మూడు మాటలు చాలు: ఎందుకు, ఎప్పటిదాకా, ఎవరికి అప్పజెప్పాలి. మూడోది అడిగితేనే సంభాషణ "ఎందుకు పోతున్నవ్" నుంచి "ఎట్ల సర్దుకుందాం" వైపు తిరుగుతుంది. జీతం పెంచితే ఉంటావా అన్న ప్రశ్న రావొచ్చు. కోర్సు తేదీ ఖాయమైందని చెప్పి అక్కడే ఆపేయండి.

3. లేఖ రాయకముందే అప్పగింత జాబితా తయారుచేయండి

ఇది లేఖలో పెట్టేది కాదు. కానీ ఈ జాబితా లేకుండా లేఖలో తేదీలు వేస్తే గాల్లో వేసినట్టే. ఒక పూట కూర్చుని, మీరు లేకపోతే ఏవి ఆగిపోతయో రాయండి. టెస్టర్లకు ఎక్కువగా తగిలేవి నాలుగు.

మొదటిది, మీరు రాసిన బగ్‌లు. మీరు వెళ్ళాక డెవలపర్ "ఇది నా దగ్గర రావట్లేదు" అని మూసేస్తాడు, జవాబు చెప్పేవాళ్ళుండరు. జిరా వాడే చోట ఇట్లా వెతికితే మీ పేరుతో తెరిచి ఉన్నవన్నీ వస్తాయి:

```
reporter = currentUser() AND statusCategory != Done
```

మేనకోడలికి 41 వచ్చాయి. కూర్చుని చూస్తే 17 ఎప్పుడో సరైపోయినవే, మూసేశాం. మిగిలిన ప్రతిదానికి ఏ డేటాతో, ఏ బిల్డ్‌లో, ఎన్నో మెట్టు దగ్గర వస్తుందో మళ్ళీ రాయించాను. రెండు రోజులు పట్టింది. విసుగు పని, కానీ అప్పగింతలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

రెండోది, మీ పేరు మీద నడిచేవి. రాత్రిపూట నడిచే రిగ్రెషన్ రన్ మీ సొంత లాగిన్ టోకెన్‌తో కట్టి ఉందేమో చూడండి. మీ అకౌంట్ మూసిన రాత్రే అది ఆగుతుంది. జిరాలో మీరు కట్టిన ఫిల్టర్లు, డాష్‌బోర్డులకు యజమాని పేరు మార్పించాలి.

మూడోది, టెస్ట్ లాగిన్లు. ఇది ఎవరికీ గుర్తుండదు. మేనకోడలు ప్రీమియం కట్టే టెస్ట్ ఖాతాలు ఆరు తయారుచేసుకుంది, ఆరింటికీ ఓటీపీ తన సొంత ఫోన్‌కే వస్తుంది! ఆ పిల్ల అమెరికా పోతే ఇక్కడ పేమెంట్ టెస్టింగ్ ఆగినట్టే. ఆఫీసు టెస్ట్ నంబరుకు మార్పించాం.

నాలుగోది, లాప్‌టాప్‌లోనే ఉండిపోయిన స్క్రిప్టులు. ఆటోమేషన్ చేసేవాళ్ళు రిపాజిటరీలో ఈ రెండూ నడపండి:

```
git log --branches --not --remotes
git stash list
```

రెండింటిలోనూ ఏమీ రాకపోతే, కమిట్ చేసినవి గానీ పక్కన దాచినవి గానీ లాప్‌టాప్‌లో మిగల్లేదన్నట్టు. అసలు కమిట్ చేయని ఫైళ్ళు వీటిలో కనిపించవు, వాటికి `git status` చూడాలి.

ఆటోమేషన్ లేని, చేత్తో టెస్ట్ చేసేవాళ్ళకు రెండోది, నాలుగోది పెద్దగా ఉండవు. వాళ్ళు ఆ సమయాన్ని ఇంకోదానికి పెట్టాలి. టెస్ట్ కేసుల్లో రాయకుండా అలవాటుగా చూసేవి ఉంటాయి. ఉదాహరణకు, నెలాఖరు రోజున ప్రీమియం గడువు తేదీ తప్పు చూపిస్తుందేమో అని ప్రతిసారీ చూడటం. అట్లాంటివి గుర్తొచ్చినప్పుడల్లా రాసుకోండి, ఒక్కసారి కూర్చుంటే అన్నీ రావు.

4. ఇప్పుడు లేఖ

మేనకోడలు రాసిన మొదటి లేఖ రెండు పేజీలు. అమ్మానాన్నల కోరిక, యూనివర్సిటీ గొప్పతనం, లోను సంగతి, క్షమించమని మూడుసార్లు. "ఇవన్నీ ఎందుకు బిడ్డా?" అంటే "మంచిగుండదా మామా, మర్యాదగ?" అన్నది. రాజీనామా లేఖ హెచ్ఆర్ ఫైల్‌లో పడుకునే కాగితం. దాని నుంచి వాళ్ళు తీసుకునేది చివరి తేదీ ఒక్కటే. దాన్ని మొదటి పేరాలో పెట్టి, మిగతాది కుదించాం.

ఆఫీసుకు పంపేది ఇంగ్లిషులోనే అని తెలుసు. అయినా తెలుగులోనే ఇస్తున్నాను. మాట తెలుగులో కుదిరితే చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో పెట్టడం కష్టం కాదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఇంగ్లిషు లేఖ అయితే, మీ మేనేజర్‌కు అది మీ మాట కాదని ఇట్టే తెలిసిపోతుంది.

> విషయం: రాజీనామా, చివరి పనిదినం జూలై 31
>
> మేనేజర్ గారికి,
>
> క్వాలిటీ ఇంజినీర్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రంలోని 60 రోజుల నోటీసు ప్రకారం నా చివరి పనిదినం జూలై 31, శుక్రవారం. ఆగస్టులో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ కోర్సులో చేరుతున్నందున ఈ నిర్ణయం తీసుకున్నాను.
>
> నేను ఇక్కడ చేరినప్పుడు స్క్రీన్ మీద కనిపించిన తప్పును రాయడం వరకే వచ్చు. అది లాగ్‌లో ఎక్కడ మొదలైందో వెతకడం పేమెంట్ టీమ్ డెవలపర్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. మొదటి ఏడాదిలోనే రిలీజ్ మీటింగుల్లో నా మాటకు చోటిచ్చినందుకు మీకు, ఓపికగా నేర్పినందుకు టీమ్‌కు కృతజ్ఞతలు.
>
> అప్పగింత పత్రం జూలై 3 నాటికి ఇస్తాను. జూలై 6 నుంచి 17 వరకు నా స్థానంలోకి వచ్చేవారితో కలిసి రిగ్రెషన్ నడుపుతాను. జూలై 20 నుంచి వారు నడుపుతారు, నేను పక్కన ఉంటాను. నా పేరు మీద ఉన్న రన్‌లు, ఫిల్టర్లు, టెస్ట్ లాగిన్లు జూలై 24 నాటికి మార్పిస్తాను. వెళ్ళాక కూడా ఆగస్టు 14 వరకు చిన్న సందేహాలకు నా సొంత మెయిల్‌లో జవాబిస్తాను.
>
> రాజీనామా అందినట్టు, చివరి పనిదినం ఖరారు చేస్తూ జవాబివ్వగలరు.

పేరు, ఉద్యోగి నంబరు, సొంత మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు కింద ఉంటాయి.

కృతజ్ఞత పేరాలో "మీ అమూల్యమైన మార్గదర్శకత్వానికి" లాంటి మాటలు లేవు, గమనించండి. ఏం నేర్చుకున్నారో ఒక్కటి చెప్పండి, అది నిజంగా జరిగినదై ఉండాలి. మేనకోడలు తన డ్రాఫ్టులో ఇంకోటి కూడా రాసింది: తాను వదిలేసిన ఒక బగ్ కస్టమర్ల దాకా పోయినప్పుడు టీమ్ తన ఒక్కదాని మీదికి నెట్టకుండా కాపాడిందని. మనసుకు హత్తుకునే మాటే. కానీ మీ తప్పును మీరే హెచ్ఆర్ ఫైల్‌లో ఎక్కించుకోవద్దు. దాన్ని చివరి రోజు టీమ్‌కు పంపే వీడ్కోలు మెయిల్‌లోకి మార్చాం. అక్కడ చదివినవాళ్ళు నిజంగానే కదిలారట. క్లయింటు పేరు రెండింటిలోనూ వద్దు.

ఆగస్టు 14 అన్న గడువు ఎందుకంటే, గడువు లేని సాయం అక్టోబర్‌లో కూడా ఫోన్ మోగిస్తుంది. పైగా ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు అనుమతి లేకుండా బయట పనిచేయకూడదు. సందేహానికి జవాబు చెప్పడం వేరు, రన్ నడిపి పెట్టడం వేరు. మీ వీలును బట్టి ఈ వాక్యం పూర్తిగా తీసేసినా తప్పు లేదు.

ఇక్కడే ఎంటెక్‌లో చేరేవాళ్ళు, హైదరాబాద్‌లో అయినా వేరే చోటైనా, ఇదే లేఖ వాడుకోవచ్చు. కౌన్సెలింగ్‌లో సీటు ఖరారై, కాలేజీలో రిపోర్ట్ చేయాల్సిన తేదీ తెలిశాక ఇవ్వండి. ఆ తేదీ సాధారణంగా నోటీసు కన్నా దగ్గర్లోనే ఉంటుంది, కాబట్టి ముందుగా విడుదల చేయమన్న అభ్యర్థనను మొదటి పేరాలోనే, కావాల్సిన తేదీతో రాయాలి.

5. పంపడం

మేనేజర్‌కు పంపి, హెచ్ఆర్‌కు కాపీ పెట్టండి. అదే రోజు పోర్టల్‌లో కూడా రాజీనామా నమోదు చేయండి. కొన్ని చోట్ల మెయిల్ లెక్కలోకి రాదు, పోర్టల్ తేదీయే చెల్లుతుంది. రెండు చోట్లా చివరి పనిదినం ఒకటే ఉండాలి. పోర్టల్ దానంతట అదే వేసే తేదీ మీ లెక్కతో కలవకపోతే వెంటనే హెచ్ఆర్‌ను అడగండి, చివరి వారం దాకా ఆగితే ఎవరూ మార్చరు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

కంపెనీ మీద కోపం లేఖలో దింపడం. అప్రైజల్ బాగా రాలేదు, నైట్ షిఫ్టులు వేశారు, ఇవన్నీ ఉండొచ్చు. ఎగ్జిట్ ఇంటర్వ్యూలో చెప్పండి, ఇక్కడ కాదు.

"చదువైపోయాక మళ్ళీ ఇక్కడికే వస్తాను" అని రాయడం. రెండేళ్ళ తరవాతి సంగతి ఎవరికి తెలుసు. అడిగితే నోటితో అనండి.

అప్పగింత పత్రంలో పాస్‌వర్డులు రాయడం. ఇది నేను ఎన్నిసార్లు చూశానో. పాస్‌వర్డు ఎక్కడ దాచి ఉందో, ఎవరిని అడగాలో రాయాలి, పాస్‌వర్డు కాదు.

అప్పగింత అంటే ఒక గంట మీటింగు పెట్టి రికార్డు చేయడం అనుకోవడం. ఆ రికార్డింగు తరవాత ఎవరూ తెరవరు. కొత్తవాళ్ళ చేత నడిపించాలి, మీరు చేతులు కట్టుకుని చూడాలి. మేనకోడలు జూలై 20న కీబోర్డు వదిలింది. కొత్తగా వచ్చిన అబ్బాయి మొదటి రోజే ఒక టెస్ట్ ఫెయిలైందని రిలీజ్ ఆపబోయాడు. పేమెంట్ గేట్‌వే టెస్ట్ సర్వర్ పొద్దున ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి అది ఎప్పుడూ ఒకసారి ఫెయిలై, రెండోసారి పాసవుతుంది. ఆ సంగతి పత్రంలో లేదు, ఈమె బుర్రలో ఉంది. అదే రోజు రాయించాం.

సరిగ్గా జరిగిందని ఎట్లా తెలుసుకోవాలి

లేఖ విషయంలో పరీక్ష ఒక్కటే: చివరి పనిదినం తేదీ రాసి ఉన్న జవాబు మెయిల్ మీ దగ్గర ఉందా లేదా. "ఓకే, నోటెడ్" అని వస్తే సరిపోదు, తేదీ వేయమని మర్యాదగా మళ్ళీ అడగండి. దాని కాపీ దాచుకోవడానికి కంపెనీ ఒప్పుకునే పద్ధతే వాడండి. కంపెనీ ఫైళ్ళను మాత్రం సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, అది వేరే గొడవ అయితది.

అప్పగింత విషయంలో, చివరి వారంలో రెండు రోజులు సెలవు పెట్టి చూడండి. నోటీసులో సెలవు ఇవ్వకపోతే రెండు రోజులు చాట్ మూసుకోండి, మేనేజర్‌కు చెప్పే. ఎన్ని ప్రశ్నలు పోగయ్యాయో చూస్తే మీ పత్రంలో ఎన్ని ఖాళీలున్నాయో తెలుస్తుంది. మేనకోడలికి మొదటిసారి తొమ్మిది వచ్చాయి, రెండోసారి ఒకటి.

చివరి రోజు తీసుకోవాల్సినవి: రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, జీతం స్లిప్పులు. జీతంలో కోసిన పన్ను సర్టిఫికెట్ తరవాత వస్తుంది, అందుకే సొంత మెయిల్ ఐడీ ఇవ్వమన్నది. రెండు నెలలాగి పీఎఫ్ ఖాతాలో మీరు మానేసిన తేదీ కంపెనీ ఎక్కించిందో లేదో చూడండి. ఎక్కించకపోతే, చివరి పీఎఫ్ జమ పడి రెండు నెలలు దాటాక మీరే ఆధార్ ఓటీపీతో ఎక్కించుకోవచ్చు. ఆ ఓటీపీ ఇక్కడి సిమ్‌కే వస్తుంది కాబట్టి, విమానం ఎక్కేముందు ఆ నంబరు రీచార్జి సంగతి ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పి పొండి. మేనకోడలు నంబరుకు ఇప్పుడు మా అక్క రీచార్జి చేస్తున్నది.